ఒకే బిల్లులో రెండు నెలలు

మే ఒకటో తారీఖు పొద్దున్నే మా తోడల్లుడి ఫోన్. బెజవాడ పటమటలో అతనికి ఏసీలు బిగించి, బాగుచేసే షాపు ఉంది. ఎండాకాలం వస్తే మనిషి చేతికి చిక్కడు. అలాంటిది, పని వేళలో తనంతట తానే ఫోన్ చేశాడంటే ఏదో డబ్బు గొడవేనని ఎత్తకముందే అర్థమైంది.

"అన్నయ్యా, ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లకి నెలనెలా ఎనిమిదిన్నర వేలు కడుతున్నా. ఏప్రిల్లో ముగ్గురు కుర్రాళ్లను కొత్తగా పెట్టుకున్నా. ఎనిమిదికి మూడు కలిపితే పదకొండు కదా. మరి బిల్లు పదహారు వేలెందుకు వేశాడు?"

నా వృత్తి లెక్కలు రాయడం. ఇలాంటి బిల్లులు నెలకు పదో పరకో నా బల్ల మీదికి వస్తాయి. వచ్చిన ప్రతివారి ప్రశ్నా ఇదే: మనుషులు కాస్త పెరిగారు, బిల్లు రెట్టింపైంది, ఎందుకు? బిల్లు పంపమన్నాను.

అతను వాడే సాఫ్ట్‌వేర్ ఫిర్యాదులు రాసుకోవడానికి, ఏ మెకానిక్ ఏ ఇంటికి వెళ్లాలో చూపడానికి, సర్వీసు గడువు దగ్గరపడ్డ ఖాతాదారులకు ఎస్సెమ్మెస్ పంపడానికి. ధర సీటు లెక్కన. ఇక్కడ సీటంటే ఒక మనిషి లోపలికి వెళ్లడానికి ఒక లాగిన్. సీటుకు నెలకు 900 రూపాయలు. ఒక్కో సీటుతో పాటు నెలకు 1,000 మెసేజీలు ఉచితంగా వస్తాయి. ఆ కోటా దాటితే ప్రతి 100 మెసేజీలకు 50 రూపాయలు. ఎనిమిది సీట్లకు 7,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,296, వెరసి 8,496. అతను ఎనిమిదిన్నర వేలన్నది ఇదే. పదకొండు సీట్లకు అదే లెక్కన 11,682 రావాలి. వచ్చింది 16,048. బిల్లు ఇలా ఉంది:

```
Growth plan, 11 seats       1 May - 31 May     9,900.00
Unused time, 8 seats        11 Apr - 30 Apr   -4,800.00
Remaining time, 11 seats    11 Apr - 30 Apr    6,600.00
Message overage, 38 x 100   1 Apr - 30 Apr     1,900.00
Subtotal                                      13,600.00
IGST 18%                                       2,448.00
Total                                         16,048.00
```

చాలామంది కళ్లు ముందు కుడివైపు అంకెల మీదికి పోతాయి. నేను మధ్యలో ఉన్న తేదీలు చదువుతాను. ఈ బిల్లులో మొదటి వరుస మే నెలది. తర్వాతి మూడు వరుసలూ ఏప్రిల్‌వి. అంటే ఒకే కాగితం మీద రాబోయే నెలా, అయిపోయిన నెలా రెండూ ఉన్నాయి. ఇంటి అద్దె నెల మొదట్లోనే ఇచ్చేస్తాం. కరెంటు బిల్లు మీటరు తిరిగాక కడతాం. ఇంటి ఓనరు ఆ రెండూ ఒకే చీటీ మీద రాసిస్తే ఎలా ఉంటుందో, సీట్ల లెక్కన అమ్మే సాఫ్ట్‌వేర్ బిల్లు అలా ఉంటుంది. సీట్ల సొమ్ము ముందస్తు, వాడకం సొమ్ము వెనకస్తు. నెల మధ్యలో చేరిన సీట్ల బాకీ ఈ రెండింటి నడుమ ఇరుక్కుంటుంది.

కాబట్టి మా తోడల్లుడు వేసుకున్న పదకొండు వేల ఆరొందల చిల్లర లెక్క తప్పేమీ కాదు. అది మే నెల లెక్క. మొదటి వరుసలోని 9,900 మీద పన్ను వేస్తే సరిగ్గా అంతే వస్తుంది. తేడా అంతా ఏప్రిల్ నుంచి మోసుకొచ్చినదే.

రెండు, మూడు వరుసలు చూసి అతను మరీ కంగారుపడ్డాడు. "పదకొండు సీట్లకు మళ్లీ ఆరువేల ఆరొందలేంటి? పైన తొమ్మిదివేల తొమ్మిదొందలు వేశాడుగా?" ఈ రెండు వరుసల్ని విడివిడిగా చదవకూడదు, జంటగా చదవాలి. ఏప్రిల్ ఒకటిన అతను ఎనిమిది సీట్లకు నెల మొత్తానికీ ముందే కట్టేశాడు. పదకొండో తారీఖున మూడు సీట్లు చేర్చాడు. మనమైతే ఆ మూడింటికే మిగిలిన రోజులకు లెక్కగడతాం. బిల్లింగు యంత్రం అలా చేయదు. పాత ఒప్పందాన్ని ఆ రోజుతో మూసేసి, ఎనిమిది సీట్లకు వాడని ఇరవై రోజుల సొమ్ము వెనక్కి ఇచ్చినట్టు రాస్తుంది. అదే ఆ మైనస్ 4,800. వెంటనే పదకొండు సీట్లతో కొత్త ఒప్పందం తెరిచి, అవే ఇరవై రోజులకు 6,600 వేస్తుంది. రెండింటి తేడా 1,800. మూడు సీట్లకు నెలకు 2,700, అందులో ముప్ఫై రోజులకు ఇరవై రోజుల వంతు 1,800. ఏ దారిన వెళ్లినా అక్కడికే చేరతాం. ఈ వరుసల్లో తప్పు లేదు.

చూడాల్సిందల్లా రెండు విషయాలు. ఒకటి, చేర్చిన రోజును కూడా లెక్కలో కలుపుతారా, మర్నాటి నుంచి మొదలుపెడతారా అన్నది. పదకొండు నుంచి ముప్ఫై దాకా రెండు చివరలూ కలిపితేనే ఇరవై. కొన్ని బిల్లింగు వ్యవస్థలు రోజులు కాదు, సెకన్లే లెక్కిస్తాయి. చాలా కంపెనీలు వాడే స్ట్రైప్ మామూలుగా అలాగే చేస్తుంది. మధ్యాహ్నం మూడింటికి సీటు చేర్చారనుకుందాం. నెలాఖరుకు మిగిలేది 720 గంటల్లో 465. అప్పుడు 1,800 బదులు 1,743.75 వస్తుంది. రూపాయల్లో చిల్లర కనబడితే మోసమేమోనని అనుమానపడక్కర్లేదు, గడియారం చూస్తే చాలు.

రెండోది ఇంతకంటే ముఖ్యం. కొన్ని సాఫ్ట్‌వేర్లు సీటు చేర్చిన క్షణంలోనే కార్డు నుంచి ఈ 1,800 లాగేసుకుంటాయి. కొన్ని తర్వాతి నెల బిల్లులో కలుపుతాయి. రెండూ న్యాయమే, రెండుచోట్లా వసూలు చేయనంతవరకు. ఏప్రిల్ 11న కార్డు స్టేట్‌మెంటులో ఏమైనా పోయిందేమో చూడమన్నాను. ఏమీ పోలేదు. బాగుంది. 4,366 తేడాలో 1,800కు, దాని మీద పన్నుకు లెక్క దొరికింది.

మిగిలింది నాలుగో వరుస. నన్నడిగితే ఇలాంటి బిల్లుల్లో అసలు చదవాల్సిన వరుస అదే. సీట్ల వరుసలు వేలల్లో ఉండి కంటపడతాయి. వాటిని మనిషి తలకాయలు లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు. వాడకం వరుస చిన్నగా ఉంటుంది, లోపల మాత్రం మూడు నాలుగు నిర్ణయాలు దాక్కుని ఉంటాయి. అవన్నీ అమ్మినవాడు చేసిన నిర్ణయాలే.

బిల్లు వెనక పేజీలో ఏప్రిల్ వాడకం 11,740 మెసేజీలని ఉంది. ఉచిత కోటా 8,000 అని ఉంది. దాటింది 3,740. వందల కట్టలుగా చేస్తే ముప్ఫై ఏడు నిండు కట్టలు, ఒక నలభై మెసేజీల ముక్క. ముక్కను కూడా పూర్తి కట్టగా లెక్కగట్టి 38 అన్నారు. ధరల పేజీలో 'ప్రతి 100కు' అని ఉంటే పైకి లాగడం మామూలే. దాని మీద పోట్లాడి లాభం లేదు.

నాకు కుట్టిన అనుమానం ఆ 8,000 మీద. సీటుకు వెయ్యి చొప్పున కోటా అయితే, పదకొండు నుంచి పదకొండు సీట్లున్నాయి కదా? మూడు కొత్త సీట్లకు ఇరవై రోజుల డబ్బు తీసుకున్నారు. మరి ఆ సీట్లతో రావలసిన మెసేజీలేవి? ఇక్కడ మూడు పద్ధతులున్నాయి. నెల మొదటి రోజు ఎన్ని సీట్లుంటే అన్ని వేలే కోటా అనేది ఒకటి. దాని ప్రకారం 38 కట్టలు, 1,900. నెలలో ఎప్పుడు చేర్చినా సీటుకు పూర్తి వెయ్యీ ఇస్తామనేది రెండోది. అప్పుడు కోటా 11,000, దాటింది 740, ఎనిమిది కట్టలు, 400 రూపాయలు. సీటు డబ్బు ఎన్ని రోజులకు తీసుకుంటే కోటా కూడా అన్ని రోజులకే ఇస్తామనేది మూడోది. మూడు వేలలో మూడింట రెండు వంతులు, అంటే 2,000 కలిసి కోటా 10,000. దాటింది 1,740, పద్దెనిమిది కట్టలు, 900 రూపాయలు. మెసేజీలు అవే, నెల అదే. బిల్లు మాత్రం నాలుగొందల నుంచి పంతొమ్మిదొందల దాకా ఎక్కడైనా ఉండొచ్చు.

ఏది సరైనదన్నది న్యాయశాస్త్రం చెప్పదు, ఒప్పందం చెబుతుంది. ఒప్పందమంటే స్టాంపు కాగితమేమీ కాదు. సైన్‌అప్ చేసేటప్పుడు ఎవరూ చదవకుండా టిక్కు పెట్టే ఆ షరతుల పేజీయే. అందులో వెతకమన్నాను. కోటా అన్ని సీట్లకూ ఉమ్మడి అనీ, నెల మధ్యలో సీట్లు చేరితే మిగిలిన రోజుల నిష్పత్తిలో కోటా పెరుగుతుందనీ రెండు ముక్కల్లో ఉంది. అంటే మూడో పద్ధతి. రావలసింది 900, వేసింది 1,900.

దీన్ని మోసమనడానికి నాకు మనసొప్పదు. నేను చూసినంతలో ఇలాంటివి దురుద్దేశంతో జరిగేవి తక్కువ. సీట్ల లెక్క చూసే భాగం వేరు, మెసేజీలు లెక్కపెట్టే భాగం వేరు. రెండోది నెల మొదటి రోజు సీట్ల సంఖ్య ఒకసారి తీసుకుని, నెలంతా దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. నెల మధ్యలో సీట్లు చేర్చేవాళ్లు తక్కువ. చేర్చినవాళ్లలో ఆ నెలే కోటా దాటేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే తప్పు ఎన్నాళ్లైనా అక్కడే పడుంటుంది.

ఇంతలో ఇంకో ప్రశ్న మిగిలింది. మార్చిలో ఇతను కోటాలో పావు వంతు మిగుల్చుకున్నాడు. ఏప్రిల్లో పదకొండు వేల ఏడొందలకు ఎలా వెళ్లాడు? ఎండాకాలం గిరాకీ ఉందనుకో. అయినా షాపు ఒక్క నెలలో రెట్టింపు కాలేదు కదా.

మెసేజీల జాబితా ఎక్సెల్ ఫైలుగా దింపించాను. అందులో ఒక గడి పేరు `Segments`. దాదాపు ప్రతి సర్వీసు రిమైండరు పక్కనా ఆ గడిలో 3 అని ఉంది.

"రిమైండరు మార్చావా ఈ మధ్య?"

"అవునన్నయ్యా. ఇంగ్లీషులో పంపితే ఎవరూ చదవట్లేదని ఏప్రిల్ నుంచి తెలుగులో పెట్టించా. ఫోన్లు బాగా వస్తున్నాయి కూడా."

ఇదీ అసలు సంగతి. ఎస్సెమ్మెస్ పుట్టింది ఇంగ్లీషు అక్షరాల కోసం. ఆ అక్షరాలైతే ఒక మెసేజీలో 160 పడతాయి. తెలుగు వంటి లిపిలో ఒక్క అక్షరం వచ్చినా మెసేజీ మొత్తం యూనికోడ్‌లోకి మారి, పట్టేవి 70కి తగ్గుతాయి. అంతకు మించితే మెసేజీ ముక్కలవుతుంది. అతుకు పెట్టడానికి కొంత చోటు పోతుంది కాబట్టి ఒక్కో ముక్కలో 67 మాత్రమే. పైగా మనం అక్షరమనుకునేది యంత్రానికి అక్షరం కాదు. 'సర్వీస్' అని రాస్తే మన కంటికి మూడక్షరాలు. యంత్రం ఆ మాటను స, ర, పొల్లు, వ, దీర్ఘం, స, పొల్లు అని ఏడుగా లెక్కపెడుతుంది. గుణింతం ఒకటి, ఒత్తు కోసం లోపల దాగిన పొల్లు ఒకటి, దేనికదే.

మా తోడల్లుడి రిమైండరు నూట యాభై దాకా ఉంది. 'గౌరవనీయులైన వినియోగదారులకు' అని మొదలై షాపు పేరు, చిరునామా, నమస్కారాలతో ముగుస్తుంది. మర్యాదకు లోటు లేదు. కానీ మూడు ముక్కలు. 1,500 మందికి పంపాడు. అతని లెక్కలో 1,500 మెసేజీలు, బిల్లు లెక్కలో 4,500. మార్చిలోలాగా ఇంగ్లీషులోనే ఉంటే ఏప్రిల్ వాడకం 8,740 దగ్గర ఆగేది. సరిచేసిన పదివేల కోటాలో హాయిగా ఇమిడిపోయేది. ముగ్గురు కుర్రాళ్లు చేరినందుకు కోటా దాటలేదు, భాష మారినందుకు దాటింది.

షరతుల పేజీలో దీని గురించి కూడా ఉంది. మెసేజీ అంటే టెలికాం కంపెనీ లెక్కపెట్టే ఒక ముక్క అని. కాబట్టి ఈ భాగంలో అమ్మినవాడి తప్పేమీ లేదు. ఒక చిన్న హెచ్చరిక కూడా చెప్పాలి. ఇంగ్లీషులోనే పంపుతున్నాం కదా అని ధీమాగా ఉండకండి. ఇంగ్లీషు మెసేజీలో ₹ గుర్తు ఒక్కటి పెట్టినా అది పాత అక్షరాల పట్టికలో లేదు కాబట్టి మొత్తం మెసేజీ 70 లెక్కలోకి జారిపోతుంది. `Rs.` అని రాసుకోవడమే నయం.

తెలుగు వదలనని అతను పట్టుబట్టాడు. ఫోన్లు వస్తున్నాయి కదా, నేనూ అదే అన్నాను. కూర్చుని కుదించాం. 'మీ ఏసీ సర్వీసుకు సమయమైంది. ఫోన్ చేయండి.' ఇది యంత్రం లెక్కలో 39. ఒక ఖాళీ, పది అంకెల నంబరు కలిపితే 50. ఇంకో ఇరవైకి చోటుంది, ఖాళీతో కలిపి షాపు పేరు అందులో పట్టేసింది. మొత్తం ఒకే ముక్క. మాటలు మార్చగానే పంపడం కుదరలేదు. వ్యాపార ఎస్సెమ్మెస్‌లకు ట్రాయ్ నిబంధనల ప్రకారం నమూనాను ముందుగా నమోదు చేయించాలి. కొత్త నమూనా ఆమోదం వచ్చేదాకా రిమైండర్లు ఆపుకున్నాడు.

ఇక డబ్బు వెనక్కి రప్పించే పని. అమ్మినవాళ్లకు ఈ-మెయిలు రాయించాను. కోపంగా రాస్తే సమాధానం 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని వస్తుంది. లెక్క రాస్తే లెక్క చూసే మనిషి దగ్గరికి వెళుతుంది. కోటా 8,000 కాదు, మీ షరతు ప్రకారం 8,000కు 3,000లో ముప్ఫైకి ఇరవై వంతు కలిపి 10,000, దాటింది 1,740, కట్టలు 18, ఎక్కువ వేసింది 1,000, దాని మీద జీఎస్టీ 180, మొత్తం 1,180. దీనికి క్రెడిట్ నోటు ఇవ్వండి. అంతే రాశాం, షరతుల పేజీలోని ఆ వాక్యం కింద అంటించాం.

క్రెడిట్ నోటే కావాలని గట్టిగా అడగడానికి కారణం ఉంది. వచ్చే నెల సర్దుతామని నోటిమాటగా అంటే, వచ్చే నెల బిల్లులో ఆ సర్దుబాటు ఏ వరుసలో ఉందో మళ్లీ వెతుక్కోవాలి. పైగా ఈ బిల్లు మీది 2,448 పన్నును అతను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటాడు. బిల్లు తగ్గితే ఆ క్రెడిట్ కూడా 180 తగ్గాలి. క్రెడిట్ నోటు ఉంటే రెండూ పుస్తకాల్లో, జీఎస్టీ పోర్టల్లో ఒకదానికొకటి సరిపోతాయి.

పన్ను వరుస గురించి ఒక్క మాట. కంపెనీ పక్క రాష్ట్రంలో ఉంది కాబట్టి ఐజీఎస్టీ 18 శాతం అని ఒకే వరుస వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంటే తొమ్మిది, తొమ్మిదిగా రెండు వరుసలు వచ్చేవి. చూడాల్సింది బిల్లు పైన మన జీఎస్టీ నంబరు ఉందా లేదా అన్నది. సైన్‌అప్‌లో ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఈ పన్ను వెనక్కి రాదు, నికరంగా జేబులోంచి పోయినట్టే. విదేశీ కంపెనీ పన్ను లేకుండా బిల్లు పంపిందని సంతోషపడే షాపులూ ఉన్నాయి. మనం జీఎస్టీలో నమోదైనవాళ్లమైతే ఆ పన్ను రివర్స్ చార్జి కింద మనమే కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి.

తొమ్మిది రోజులకు క్రెడిట్ నోటు వచ్చింది, 1,180కి. క్షమాపణ కూడా రాశారు, అది అనుకోలేదు.

మే ఇరవైన మళ్లీ ఫోన్. కొత్త కుర్రాళ్లలో ఇద్దరు మానేశారట. "లాగిన్లు ఆపేశా అన్నయ్యా, బిల్లు తగ్గుతుందిగా?"

తగ్గదు. లాగిన్ ఆపడం వేరు, సీటు తగ్గించడం వేరు. లాగిన్ ఆపితే ఆ కుర్రాడు లోపలికి రాలేడు, అంతే. అతని కుర్చీ ఖాళీగా ఉంటుంది, కుర్చీ అద్దె నడుస్తూనే ఉంటుంది. గూగుల్ వర్క్‌స్పేస్‌లో కూడా ఇంతే, సస్పెండ్ చేసిన ఖాతాకు బిల్లు ఆగదు. సీట్ల సంఖ్యను బిల్లింగు పేజీలోకి వెళ్లి విడిగా పదకొండు నుంచి తొమ్మిదికి మార్చాలి. ఎక్కేటప్పుడు రోజుల లెక్క వేసిన ఈ ప్లానులో దిగేటప్పుడు అది లేదు. తగ్గింపు తర్వాతి నెల నుంచే, మిగిలిన పదకొండు రోజులకు వెనక్కి ఏమీ రాదు. అలాగని నెలాఖరు దాకా ఆగితే మరిచిపోతాడు. జూన్ ఒకటి దాటాక గుర్తొస్తే ఇద్దరికీ ఇంకో నెల, 1,800.

ఫోన్ పట్టుకునే మార్పించాను. తెర మీద `Seats from 1 June: 9` అని వచ్చిందాకా పెట్టేయనివ్వలేదు. కోటా కూడా తొమ్మిది వేలకు దిగుతుందని అప్పుడే చెప్పాను. అతను రిమైండరు ఎంతమందికి పంపాలో వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.